రాత్రి ఎనిమిదికి యాప్‌లో కొత్తిమీర ఎందుకుండదు? వైజాగ్‌లో డార్క్ స్టోర్ల సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి

సెక్టార్4 లక్ష్మి · బుధవారం రాత్రి 9:12
మాది ఎంవీపీ కాలనీ. ఆఫీసు నుంచి ఇంటికొచ్చేసరికి ఏడున్నర, ఎనిమిది అవుతుంది, అప్పుడు వంట మొదలెట్టి యాప్ తెరిస్తే కొత్తిమీర, పుదీనా, పాలకూర అన్నీ బూడిద రంగులో కనపడతాయి, స్టాక్ లేదట. పొద్దున్న ఆరింటికి చూస్తే అన్నీ ఉంటాయి. ఒకరోజు కాదు, ఇంచుమించు రోజూ ఇదే తంతు. పది నిమిషాల్లో తెస్తాం అంటారు కదా, తేవడానికి సరుకే లేకపోతే పది నిమిషాలు ఎందుకు? ఇంకోటి, కిందటి వారం కొత్తిమీర ఉందని చూపించింది, డబ్బులు కట్టాను, తీరా సంచిలో అదొక్కటే లేదు, పదిహేను రూపాయలు వెనక్కి వచ్చాయి. ఉందని చూపించి లేదనడం ఏంటి? జనం కొనడానికి రాని, యాప్ ఆర్డర్లకే సరుకు పెట్టుకునే ఈ డార్క్ స్టోర్లలో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.

కంచరపాలెం కుర్రోడు · రాత్రి 9:20
ఇందులో తెలియడానికి ఏముందండీ, కావాలనే చేస్తారు. కట్ట పదిహేను, అదే ప్లాస్టిక్ డబ్బాలో కడిగి పెట్టింది నలభై. కట్ట లేదంటే డబ్బా కొంటారు. నేను చాలాసార్లు చూశాను, కట్ట ఉండదు కానీ డబ్బా మాత్రం ఉంటుంది.

సుబ్బలక్ష్మి పిన్ని · రాత్రి 9:31
మాకు గుడ్లు పగిలి వచ్చాయమ్మా, పన్నెండులో నాలుగు. ఫొటో పెట్టమన్నారు, పెట్టాను, ఇంకో ఫొటో అన్నారు, అదీ పెట్టాను, ఆఖరికి సగం డబ్బులే ఇచ్చారు. వాళ్ళ నంబరు ఎవరి దగ్గరైనా ఉందా?

సెక్టార్4 లక్ష్మి · రాత్రి 9:34
పిన్నిగారూ, అది వేరే సమస్యండీ, నేను అడిగేది సరుకు అయిపోవడం గురించి. నంబరు నా దగ్గరా లేదు, వాళ్ళతో చాట్ ఒక్కటే దారి.

రాక్ నంబర్ 17 · రాత్రి 10:47
నేను మద్దిలపాలెం వైపు ఒక డార్క్ స్టోర్లో ఏడాదిన్నర ఇన్వెంటరీ చూశాను, ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను. కంపెనీ పేరు వద్దులెండి. కాస్త పెద్దగానే రాస్తాను.

కుర్రోడు చెప్పింది సగం నిజం. డబ్బా కొత్తిమీర చిల్లర్‌లో మూడు రోజులు ఆగుతుంది, కట్ట సాయంత్రానికే వాడిపోతుంది, అందుకని రాత్రి మిగిలేది డబ్బానే. అంతేగానీ స్టోర్లో కట్టలు పెట్టుకుని లేవని చూపించడం మాత్రం నేను చూడలేదు, చేసినా మర్నాడు ఆ కట్టలు పారేయాల్సింది మేమే కదా.

అసలు సంగతి ఏంటంటే మా స్టోరు మొత్తం మూడు వేల చదరపు అడుగులు, అందులో నాలుగు వేల రకాల సరుకు. మామూలు సూపర్ మార్కెట్‌లో వెనక గోడౌన్ ఉంటుంది, ఇక్కడ వెనక అంటూ ఏమీ లేదు, ర్యాక్‌లో ఉన్నదే స్టాక్. ఆకుకూరలకి మాకున్నవి ఆరు క్రేట్లు పట్టే చోటు. కొత్తిమీర రోజుకి ఒక్కసారే వస్తుంది. ముందురోజు సాయంత్రం ఊరి బయట గోడౌన్‌లో కూడబెట్టి, రాత్రంతా ఏరి, కట్టలు కట్టి, తెల్లవారుజామున అయిదింటికి బండిలో దింపుతారు. మధ్యాహ్నం రెండున్నరకి ఇంకో బండి వస్తుంది గానీ అందులో వచ్చేది పప్పులు, సబ్బులు, బిస్కెట్లు. కాబట్టి మీరు రాత్రి ఎనిమిదింటికి చూసేది పదిహేను గంటల కింద దిగిన సరుకులో మిగిలింది.

మరి ఎక్కువ తెప్పించొచ్చు కదా అంటారు. తెప్పించేది మేం కాదు, ఎన్ని పంపాలో పైన సిస్టం లెక్కేస్తుంది. ఆ లెక్క ఎలా ఉంటుందో రేపు రాస్తాను, ఇప్పుడు నిద్రొస్తోంది.

అప్పలనాయుడు కొట్టు · గురువారం ఉదయం 5:50
ఏటి బాబూ, పదిహేను గంటలు కొత్తిమీరని అలగ ఒదిలేస్తారా. మాది అక్కయ్యపాలెంలో చిన్న కొట్టు, ఇరవై రెండేళ్ళయింది. నేను పొద్దున్నే జ్ఞానాపురం మార్కెట్‌కి ఎల్లి తెచ్చుకుంటాను, తడిపిన గోనె మీద పెడతాను, గంటకోసారి నీళ్ళు జల్లుతాను. పొద్దున్న కట్ట పది, సాయంత్రానికి తల వాల్చేస్తే అయిదు, ఇంకా మిగిలితే కూరగాయలు ఎక్కువ కొన్నోళ్ళకి కొసరుగా ఇచ్చేస్తాను, పారేసింది మట్టుకు లేదు. రాత్రి తొమ్మిదికొచ్చినా రెండు కట్టలు ఉంటాయమ్మా.

సెక్టార్4 లక్ష్మి · ఉదయం 8:05
అప్పలనాయుడుగారూ, మీ కొట్టు మాకు దగ్గరైతే ఈ గొడవే లేదు. ఇక్కడ రైతు బజారుంది గానీ నేనొచ్చేసరికి అక్కడా ఖాళీ అవుతుంది.

రాక్ నంబర్ 17 · మధ్యాహ్నం 1:15
నాయుడుగారు చెప్పిన దాంట్లోనే అసలు కిటుకు ఉంది. ఆయనకి మిగిలిన కట్ట నష్టం కాదు, అయిదుకి అమ్ముతారు, లేకపోతే కొసరు వేసి ఇంకో కొనుగోలు సంపాదిస్తారు. మా స్టోర్లో రాత్రి మిగిలిన కట్టని డంప్ అని ఎంట్రీ వేసి నల్ల కవర్లో పడేయాలి. ధర మార్చే అధికారం స్టోర్ మేనేజర్‌కి కూడా లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. నేను అప్పట్లో సరదాకి పుస్తకంలో రాసుకున్న పద్ధతే ఇది, అంకెలు మీకు అర్థమయ్యేందుకు సులువు చేశాను. కట్ట కొన్న ధర 8, అమ్మేది 15. అమ్మితే 7 లాభం, మిగిలితే 8 నష్టం. పది రోజుల్లో జనం అడిగిన కట్టలు ఇలా ఉన్నాయనుకోండి: 38, 42, 45, 47, 50, 52, 55, 58, 63, 70.

రోజూ 50 తెప్పిస్తే పది రోజుల్లో అమ్ముడయ్యేవి 472, మిగిలేవి 28, లాభం 3,080. రోజూ 60 తెప్పిస్తే అమ్ముడయ్యేవి 507, పారేసేవి 93, లాభం 2,805. ఎవరికీ లేదనకూడదని రోజూ 70 తెప్పిస్తే 520 అమ్ముడవుతాయి గానీ 180 పారేస్తాం, లాభం 2,200కి దిగిపోతుంది.

అంటే 50 దగ్గరే డబ్బు ఎక్కువ. కానీ 50 తెప్పిస్తే పది రోజుల్లో అయిదు రోజులు అడిగినవాళ్ళందరికీ సరుకు చాలదు. లక్ష్మిగారూ, మీకు రాత్రి లేకపోవడం పొరపాటు కాదండీ, అయిపోయేలాగే తెప్పిస్తున్నారు.

డేటా రవి · మధ్యాహ్నం 1:52
లెక్క బానే ఉంది కానీ అసంపూర్ణం. కొత్తిమీర దొరక్కపోతే పోయేది 7 రూపాయలే కాదు, మొత్తం బుట్ట పోతుంది. లక్ష్మిగారు కొత్తిమీర కోసం తెరిచి పాలు, పెరుగు, బ్రెడ్డు కూడా వేసేవారేమో, లేదని చూసి వేరే యాప్‌కి వెళ్ళిపోయారు. అది కలిపితే 70 తెప్పించడమే కరెక్ట్, పెద్ద కంపెనీలన్నీ అలాగే చేస్తాయి.

రాక్ నంబర్ 17 · మధ్యాహ్నం 2:20
బుట్ట మాట నిజమే, 70 మాట ఒప్పుకోను. 50 నుంచి 60కి వెళ్తే 275 పోగొట్టుకుంటాం, బదులుగా లేదని వెనక్కి పంపేవాళ్ళు 48 నుంచి 13కి తగ్గుతారు, అంటే 35 మందిని నిలబెట్టుకున్నట్టు. ఆ 35లో కనీసం పది మంది బుట్ట వదిలేసి పోయేవాళ్ళయి ఒక్కో బుట్టలో మనకి ముప్పై మిగిలేదుంటే 300, అక్కడికి 60 గిట్టుబాటే. కానీ 60 నుంచి 70కి వెళ్తే పోయేది 605, నిలబడేది 13 మందే. అందరూ బుట్ట వదిలేసినా 390. గిట్టదు కదా మరి.

ఎంతమంది నిజంగా వదిలేసి పోతారో అన్నదే ఎవరికీ తేలదు. చాలామంది కొత్తిమీర లేకుండానే మిగతావి కొనేస్తారు, లక్ష్మిగారు కూడా అలాగే చేసుంటారు.

సెక్టార్4 లక్ష్మి · మధ్యాహ్నం 2:41
హహ అవును, తిట్టుకుంటూ కొనేస్తాను.

రాక్ నంబర్ 17 · మధ్యాహ్నం 3:05
ఇంకా చిరాకైన విషయం ఒకటుంది. సిస్టం రేపటికి ఎన్ని పంపాలో నిన్నటి అమ్మకం చూసి లెక్కేస్తుంది. 63 మంది అడిగినా 50 ఉంటే అమ్మకం 50 అనే పడుతుంది, మిగతా 13 మంది ఎక్కడా కనపడరు. పైగా ఒకరోజు బండిలో 40 మాత్రమే వచ్చాయనుకోండి, అమ్మకం 40 అని పడుతుంది, ఓహో గిరాకీ తగ్గింది అనుకుని అది ఇంకా తగ్గిస్తుంది. మా స్టోర్లో పుదీనా ఇలాగే రోజుకి 25 నుంచి 9కి దిగిపోయింది. ఎన్నింటికి అయిపోయిందో టైం రాసి పంపిస్తే, మధ్యాహ్నం పన్నెండుకే అయిపోతోంది అని చూపిస్తే అప్పుడు పైవాళ్ళు సరిచేశారు, అదీ మూడు వారాల తర్వాత. అన్ని కంపెనీల సిస్టమ్‌లూ ఇంత మొద్దుగా ఉండవులెండి, కొన్ని యాప్‌లో ఎంతమంది వెతికారో కూడా చూస్తాయి.

కంచరపాలెం కుర్రోడు · మధ్యాహ్నం 3:30
సరే నేను తగ్గాను. మరి ఉందని చూపించి లేదన్నది? అది మోసమే కదా.

రాక్ నంబర్ 17 · మధ్యాహ్నం 3:58
అది ఎక్కువగా మా చేతకానితనం. ఒక సాయంత్రం చెప్తాను వినండి. రెండున్నరకి రావాల్సిన బండి ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఐదూ నలభైకి వచ్చింది. అప్పటికి ఆర్డర్లు ఊపందుకున్నాయి. బండివాడికి ఇంకో మూడు స్టోర్లున్నాయి, బేగి దింపుకోండి అని హారన్. ఇద్దరు కుర్రాళ్ళు క్రేట్లు దింపి నడిచే సందులోనే పేర్చేశారు, నేను కాగితం మీదున్న లెక్క చూసి స్కాన్ కొట్టేశాను, విప్పి లెక్కపెట్టలేదు. స్కాన్ కొట్టగానే యాప్‌లో సరుకు ఉన్నట్టు వచ్చేస్తుంది. కానీ సరుకు ర్యాక్‌లో లేదు, సందులో నాలుగు క్రేట్ల కింద ఉంది. ఆర్డర్‌కి సరుకు ఏరే పికర్ చేతిలో ఫోను ర్యాక్ 12, అర 3 అని చూపిస్తుంది, వాడు పరిగెత్తి చూస్తాడు, ఖాళీ. ఆర్డర్ మొత్తం తీయడానికి వాడికున్నది రెండు నిమిషాల లోపు, క్రేట్లు వెతికే టైమెక్కడ, దొరకలేదు అని నొక్కేస్తాడు. మీకు డబ్బులు వెనక్కి, నాకు మర్నాడు తిట్లు.

కొత్తిమీర ఆ బండిలో రాదు కాబట్టి దాని విషయంలో ఇంకో కారణం. కుళ్ళిన కట్ట కనపడితే పికర్ పక్కన పడేస్తాడు, డంప్ ఎంట్రీ వేయడు. లెక్కలో ఆ కట్ట బతికే ఉంటుంది. అందుకే యాప్‌లో ఒక్కటే మిగిలింది అని చూపిస్తే నమ్మకండి, ఆ ఒక్కటి చాలాసార్లు ఉండదు.

సుబ్బలక్ష్మి పిన్ని · సాయంత్రం 4:40
అయితే గుడ్లు కూడా ఆ క్రేట్ల కింద పెట్టే పగులుతున్నాయా నాయనా?

రాక్ నంబర్ 17 · సాయంత్రం 4:46
అవునండీ, నిజానికి అదీ ఒక కారణం. ఇంకో కారణం సంచిలో అడుగున పెట్టి పైన నూనె ప్యాకెట్ వేయడం.

బండి మీద బతుకు · రాత్రి 11:35
నేను డెలివరీ చేస్తాను, పెదవాల్తేరు, లాసన్స్ బే, ఎంవీపీ. పది నిమిషాలు అని అందరూ నా బండి వైపు చూస్తారు. నాకు ఫోన్‌లో పది నిమిషాల గడియారమేమీ కనపడదు. ప్యాకింగ్ రెండు, కౌంటర్ దగ్గర ఒకటి, రెండు కిలోమీటర్ల దారి ఆరేడు, ఆ తర్వాత అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పుస్తకంలో పేరు రాయాలి, లిఫ్ట్ మాకు కాదు మెట్లెక్కు అంటారు. పది ఎప్పుడో దాటిపోతుంది. కానీ ఆర్డర్‌కింత అని ఇస్తారు కాబట్టి నేనే తొందరపడాలి. గంటకి మూడు పడితే తొంభై, రెండు పడితే అరవై. తిరిగొచ్చే దారికి పైసా లేదు, పెట్రోలు నాదే.

ఇంకో సంగతి చెప్తాను. మధ్యాహ్నం మూడింటికి స్టోరు బయట మేం పన్నెండు మంది చెట్టు కింద కూర్చుని ఉంటాం, గంటకొకటి కూడా పడదు. కూర్చున్నందుకు ఎవరూ ఇవ్వరు. మేం అలా ఖాళీగా కూర్చోబట్టే ఎవరైనా ఆ టైంలో ఐస్‌క్రీం పెడితే ఎనిమిది నిమిషాల్లో వెళ్తుంది. అదే రాత్రి ఎనిమిదింటికి అందరం రోడ్డు మీదే, స్టోర్లో సంచులు వరసగా పేరుకుపోతాయి.

డేటా రవి · రాత్రి 11:50
కానీ ప్రభుత్వం 2026 జనవరిలో పది నిమిషాల డెలివరీ నిషేధించింది కదా, ఇంకా ఎందుకు పరిగెత్తడం?

బండి మీద బతుకు · శుక్రవారం అర్ధరాత్రి దాటాక 12:10
నిషేధం ఎక్కడిదన్నా. 2025 డిసెంబర్ 25న, 31న మా వాళ్ళు సమ్మె చేశారు, తర్వాత జనవరిలో కేంద్ర కార్మిక మంత్రి కంపెనీలతో మాట్లాడితే ప్రకటనల్లో పది నిమిషాలు అన్న మాట తీసేశారు. మాట తీశారు అంతే. స్టోరు అక్కడే ఉంది, నాకిచ్చే లెక్కా మారలేదు. అదేదో సామాజిక భద్రత చట్టం 2025 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది, కంపెనీలు టర్నోవర్‌లో ఒకటి రెండు శాతం మా కోసం కట్టాలంటున్నారు, నా చేతికైతే ఇంకా ఏమీ రాలేదు.

డేటా రవి · ఉదయం 8:30
ఓకే, ప్రకటన వరకే అన్నమాట, నేను హెడ్డింగ్ చూసి అనేశాను.

అప్పలనాయుడు కొట్టు · ఉదయం 9:10
కుర్రాళ్ళని చెట్టు కింద ఊరికే కూర్చోబెట్టి, రాత్రి పరిగెత్తించి, ఆకుకూర సంచుల్లో పారేసి... ఏటో ఈ యాపారం. నా దగ్గర మా గుంటడు సైకిల్ మీద ఇచ్చొస్తాడు, అరగంటవుద్ది, ఎవరూ సచ్చిపోలేదు. అయినా ఒప్పుకోవాలి, పిల్లల డైపర్లు, చార్జర్లు నా దగ్గర దొరకవు, రాత్రి పదకొండుకి నేను తీయను కూడా.

కంచరపాలెం కుర్రోడు · ఉదయం 9:44
మరి రెండో బండిలో ఆకుకూర ఎందుకు వేయరు 17 గారూ? సాయంత్రం నాలుగుకి ఇరవై కట్టలు పంపితే సమస్య తీరిపోద్ది కదా.

రాక్ నంబర్ 17 · ఉదయం 10:20
అడిగాం. వాళ్ళన్నది ఏంటంటే ఆకుకూర ఏరడానికి మనుషులు రాత్రి షిఫ్ట్‌లోనే ఉంటారు, పగలు ఇంకో పది మందిని పెట్టాలి, స్టోరుకి ఇరవై కట్టల కోసం. ఇరవై కట్టల మీద లాభం 140. పైగా మధ్యాహ్నం బండి ఎండలో మూడు గంటలు తిరుగుతుంది, ఏసీ ఉండదు, ఏప్రిల్లో ఆ కట్టలు దిగేసరికి ఉడికిపోతాయి. మా మేనేజర్ ఒకసారి తన సొంత డబ్బుతో రైతు బజార్లో నలభై కట్టలు కొనుక్కొచ్చి పెట్టేశాడు, అమ్ముడయ్యాయి కూడా, ఆడిట్‌లో దొరికిపోయాడు, బయట సరుకు పెట్టకూడదని మెమో ఇచ్చారు. నాకైతే ఇప్పటికీ ఆయన చేసింది తప్పనిపించదు.

సెక్టార్4 లక్ష్మి · ఉదయం 10:35
అయితే ఒక పని చేస్తాను. రోజూ గంట గంటకీ యాప్ చూసి కొత్తిమీర ఎన్నింటికి మాయమవుతుందో రాసుకుంటాను. నిన్నటిది నాకు గుర్తుంది, ఏడూ నలభైకి పోయింది.

సెక్టార్4 లక్ష్మి · సోమవారం రాత్రి 9:25
ఇదిగో నా చిట్టా. గురువారం 7:40. శుక్రవారం 8:15. శనివారం రాత్రి పదింటికి కూడా ఉంది, నమ్మలేకపోయాను, రెండు కట్టలు కొన్నాను. ఆదివారం పొద్దున్న 11:20కే అవుట్. ఇవాళ సోమవారం సాయంత్రం నాలుగు కల్లా అయిపోయింది. శనివారం అంత వాన పడింది కదా, వానలో జనం ఇంకా ఎక్కువ ఆర్డర్లు పెట్టాలి, మరి ఎలా మిగిలింది?

బండి మీద బతుకు · రాత్రి 10:50
శనివారం రాత్రి మేం నలుగురమే వెళ్ళాం మేడం. బళ్ళు తక్కువుంటే స్టోరు వాళ్ళు దూరం ఏరియాలు ఆపేస్తారు, ఆరిలోవ వైపు వాళ్ళకి యాప్ అసలు తెరుచుకోదు. మీరు దగ్గర కాబట్టి మీకు కనిపించింది. వాళ్ళు కొనాల్సిన కట్టలే మీరు కొన్నది.

రాక్ నంబర్ 17 · రాత్రి 11:15
అదే అయ్యుంటుంది. ఆదివారం సంగతి సులువే, అందరిళ్ళలో మాంసం, పదకొండు లోపు వంట మొదలు. ఆదివారానికి సిస్టం ఎక్కువే పంపుతుంది, చాల్లేదన్నమాట. సోమవారం నాలుగు గంటలు మాత్రం నాకు అంతుపట్టట్లేదు. శనివారం మిగిలినవి చూసి తగ్గించి పంపిందా, లేక బండిలోనే తక్కువొచ్చాయా, బయట నుంచి చెప్పలేం. వచ్చే సోమవారం కూడా రాయండి, అప్పుడూ నాలుగే అయితే బండి తప్పు కాదు, లెక్క తప్పు.

సుబ్బలక్ష్మి పిన్ని · మంగళవారం ఉదయం 6:30
ఇవాళ గుడ్లు బాగానే వచ్చాయమ్మా. కొత్తిమీర మా బాల్కనీలో కుండీలో వేశాను, ధనియాలు నలిపి చల్లితే చాలు, మీకు విత్తనాలు కావాలంటే ఇస్తాను, సెక్టార్ 7లో ఉంటాం.

సెక్టార్4 లక్ష్మి · ఉదయం 7:02
ఇవ్వండి పిన్నిగారూ, సాయంత్రం వస్తాను. సోమవారం టైం కూడా రాస్తాను 17 గారూ.